తొమ్మిది వందల హాల్లో పట్టింది నాలుగు వందల పది కుర్చీలే

హైదరాబాద్‌లో చంపాపేట, కర్మన్‌ఘాట్ వైపు రోడ్డుకు రెండు పక్కలా ఫంక్షన్ హాళ్లే. అక్కడి ఒక హాల్ ఓనర్ పోయినేడు ముహూర్తాలు అయిపోగానే నాకు ఫోన్ చేశాడు. హాళ్లకు, టెంట్ హౌస్‌లకు సీటింగ్ లేఅవుట్లు గీసివ్వడం నా పని. మామూలుగా కొత్త హాలు కట్టేటప్పుడు పిలుస్తారు. ఈయన హాలు కట్టి చాలా ఏళ్లయింది. పిలవడానికి కారణం ఒక పెళ్లి.

ఆ పెళ్లిలో ఆడపెళ్లివాళ్లు హాలు బుక్ చేసుకునేటప్పుడు "ఎన్ని కుర్చీలు పడతాయి?" అని అడిగారు. మేనేజర్ "తొమ్మిది వందలు" అన్నాడు. బ్రోషర్‌లోనూ అదే అంకె ఉంది. వాళ్లు దాన్ని నమ్మి తొమ్మిది వందల కుర్చీలు చెప్పారు. పొద్దున టెంట్ హౌస్ కుర్రాళ్లు వేయడం మొదలుపెట్టి, 612 దగ్గర ఆగిపోయారు. ఇంకొక్కటి వేద్దామన్నా చోటు లేదు. మిగిలినవి బయట పార్కింగ్‌లో పేర్చారు.

అసలు ఇబ్బంది ఆ మిగిలిన కుర్చీలతో రాలేదు, వేసిన 612తోనే వచ్చింది. హాలు మధ్యలో రెండడుగుల సందు, దానికి అటు 18, ఇటు 18 కుర్చీలు. అలా 17 వరుసలు. గోడల పక్కన నిలువు ఏసీలు నిలబెట్టి ఉన్నాయి కాబట్టి ఆ వైపు నుంచి మనిషి వెళ్లలేడు. గోడ పక్కన కూర్చున్న పెద్దాయన బాత్రూమ్‌కు వెళ్లాలంటే 17 మంది మోకాళ్లు దాటుకుంటూ రావాలి. అక్షింతలు పంచే పిల్లలు సగం వరుసలకు పోలేకపోయారు. పళ్లెం చేతులు మారుతూ వెళ్లి ఎక్కడో ఆగిపోయింది. తలంబ్రాల టైముకి వెనకవాళ్లు లేచి ముందుకు రావాలని చూశారు, దారి లేదు. కొందరు కుర్చీలు ఎత్తి పక్కవాటి మీద పెట్టి దారి చేసుకున్నారు. ఒకామె పట్టుచీర కుర్చీ కాలికి పట్టుకుని ఆమె కింద పడింది. దెబ్బ పెద్దది కాదు గానీ గొడవ పెద్దదైంది. అద్దె బ్యాలెన్స్‌లో కొంత ఇప్పటికీ రాలేదట.

"తమ్మీ, హాల్ ఐదు వేల నాలుగు వందల ఎస్‌ఎఫ్‌టీ. మనిషికి ఆరు అడుగులు పెట్టుకుంటే తొమ్మిది వందలు రావాలె గదా. తప్పేడుంది?" అని అడిగాడాయన.

లెక్క తప్పు కాదు. హాలు లోపలి కొలత 90 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు. 5,400ను ఆరుతో భాగిస్తే 900 కచ్చితంగా వస్తుంది. ఒక కుర్చీ, దాని ముందు కాళ్లు పెట్టుకునే చోటు కలిపితే ఆరు చదరపు అడుగుల లోపే కాబట్టి ఆ ఆరు కూడా గాలిలోంచి తెచ్చిన అంకె కాదు. కానీ ఆ లెక్కలో స్టేజి మీద కూడా కుర్చీలే, తలుపుల ముందూ కుర్చీలే, నడిచే దారిలోనూ కుర్చీలే. పైగా హాలును బియ్యం బస్తాలా కొలిచి పోయలేం. వరుసలో 13 కుర్చీలు పట్టి పైన పదకొండు ఇంచులు మిగిలితే, ఆ మిగిలింది ఎవరికీ సీటు కాదు. కుర్చీలను ఒకటి, రెండు అని లెక్కపెట్టాల్సిందే.

ఆయన దగ్గర ఇంకో కాగితం ఉంది. హాలు కట్టినప్పుడు ఆర్కిటెక్టు ఇచ్చిన ప్లాన్. దాని మూలన 836 అని ఉంది. "చూడు, ఆర్కిటెక్టే ఎనిమిది వందల చిల్లర రాసిండు" అన్నాడు. ఈ పొరపాటు నేను చాలా హాళ్లలో చూశాను కాబట్టి దీన్ని కొంచెం విడమర్చి చెప్పాలి.

నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో, కుర్చీలు వేసుకుని జనం చేరే హాళ్లకు మనిషికి 0.6 చదరపు మీటర్లు అని ఒక లెక్క ఉంటుంది. 5,400 చదరపు అడుగులంటే దాదాపు 502 చదరపు మీటర్లు. 0.6తో భాగిస్తే 836. ఆర్కిటెక్టు రాసింది అదే. అయితే కోడ్ ఆ అంకెను అడిగేది కుర్చీల కోసం కాదు, తలుపుల కోసం. ఈ హాల్లో ఒక్కసారిగా ఇంతమంది ఉండొచ్చు, మంట లేచినా పొగ వచ్చినా వీళ్లందరూ బయటపడేంత వెడల్పు తలుపులు పెట్టు అని దాని అర్థం. అంటే అది జనం గురించిన భయం లెక్క. దాన్ని తీసుకెళ్లి బ్రోషర్‌లో సీటింగ్ కింద వేస్తే, లిఫ్టులో రాసి ఉన్న బరువును చూసి అన్ని కిలోల సామాను ఇంట్లో సర్దుకోవచ్చు అన్నట్టుంటుంది.

సరే, మరి ఎన్ని పడతాయి? ఒక మంగళవారం పొద్దున, ఏ ఫంక్షనూ లేని రోజు, టేపు, చాక్‌పీసు, ఒక కట్ట పురికొస తీసుకుని వెళ్లాను. ముందు కుర్చీల సంగతి పూర్తిగా మర్చిపోయి, కుర్చీ వేయకూడని చోట్లు గీసుకుంటూ పోయాను.

స్టేజి వెడల్పు 40 అడుగులు, లోతు 20. హాలు వెడల్పు 60 కాబట్టి స్టేజికి అటూ ఇటూ పదేసి అడుగులు మిగిలినట్టు కనిపిస్తుంది. "ఆడ రెండు పక్కలా ఇరవై ఇరవై కుర్చీలు ఏస్తం" అన్నాడు మేనేజర్. నిజానికి ఆ మూలల్లో ఒకవైపు స్టేజి మెట్లు, ఎల్ఈడీ స్క్రీన్ స్టాండు ఉంటాయి. రెండోవైపు ఇంకో మెట్లు, పెళ్లికూతురు గదికి తలుపు, సన్నాయి మేళం వాళ్లు కూర్చునే చోటు. అక్కడ కుర్చీ వేసినా, కూర్చున్నవాళ్లకు మండపం స్తంభం వెనక భాగమే కనిపిస్తుంది. కాబట్టి స్టేజి 40 అడుగులే అయినా, హాలు వెడల్పు మొత్తం 20 అడుగుల లోతున కొట్టేశాను.

స్టేజి ముందు ఇంకో 10 అడుగులు వదిలాను. దీని మీద ఓనర్ చాలాసేపు వాదించాడు. ముహూర్తం టైములో స్టేజి ముందు ఎవరుంటారో గుర్తు తెచ్చుకోమన్నాను. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఇద్దరు వీడియోవాళ్లు, లైటు పట్టుకునే కుర్రాడు, మెట్లెక్కబోతూ ఆగిన మేనత్తలు, ఫోన్లు పైకెత్తిన కజిన్లు. మనం ఖాళీ వదలకపోయినా వీళ్లు అక్కడే నిలబడతారు. కాకపోతే మొదటి రెండు వరుసల వాళ్ల ఒళ్లో నిలబడతారు.

వెనక గోడకు మెయిన్ తలుపు. దాని ముందు 8 అడుగులు హాలు వెడల్పంతా వదిలేయాలి. లోపలికి వచ్చినవాళ్లు ఒక క్షణం ఆగి, మనవాళ్లు ఎక్కడ కూర్చున్నారా అని చూస్తారు. ఆ ఆగే చోటు లేకపోతే వెనక వచ్చేవాళ్లు గుమ్మంలోనే ఇరుక్కుంటారు.

90లో 20, 10, 8 పోతే 52 అడుగులు. దీనికి నడుమ ఒక అడ్డ దారి కావాలి. వరుసలు పది దాటకుండా ఒక అడ్డ దారి ఉండాలని బిల్డింగ్ కోడ్ చెబుతుంది. నేను నాలుగడుగులు పెట్టాను. మిగిలింది 48. ముందు ఒక్క వరుస సోఫాలు, వాటికి కాళ్లు చాపుకునే చోటుతో కలిపి 5 అడుగులు. ఇక కుర్చీలకు దొరికింది 43 అడుగులు. 90 అడుగుల హాల్లో నిజంగా కుర్చీలు వేసుకునే పొడవు సగం కూడా లేదు. కాగితం మీద ఇది చూశాక ఓనర్ మొదటిసారి మౌనంగా ఉన్నాడు.

ఇప్పుడు వరుసకు వరుసకు మధ్య ఎంత? ఆ గొడవ జరిగిన పెళ్లిలో ఒక కుర్చీ వీపు నుంచి వెనక కుర్చీ వీపు దాకా 33 ఇంచులు పెట్టారు. కుషన్ కుర్చీ లోతు 21 ఇంచులు. అంటే మనిషి దాటడానికి 12 ఇంచులు, ఒక స్కేలు పొడవు. నేను 36 ఇంచులు అడిగాను. దాటే చోటు 15 అవుతుంది. కోడ్ అడిగే కనీసం 850 మిల్లీమీటర్లు, అంటే ముప్పైమూడున్నర ఇంచులు. నేను అంతకంటే రెండున్నర ఇంచులు ఎక్కువ పెడతాను. మన పెళ్లిళ్లలో ఎవరూ ఊరికే కూర్చోరు. ఒళ్లో చంటిపిల్ల, కాళ్ల దగ్గర గిఫ్ట్ సంచి ఉంటాయి.

"మూడు ఇంచులకేం తేడా వస్తది?" అన్నాడు ఓనర్. మాటలతో చెప్పి లాభం లేదనిపించింది. అక్కడున్న కుర్రాళ్లతో రెండు వరుసలు వేయించాను. ముందు 33 ఇంచులకు. వెనక వరుసలో ఆరుగురిని కూర్చోబెట్టి, ఓనర్ చేతికి స్టీలు పళ్లెం ఇచ్చి, ఈ చివర నుంచి ఆ చివరకు నడవమన్నాను. ఆయన పొట్ట కొంచెం ముందుకుండే మనిషి. మొదటి కుర్రాడి మోకాలు తగిలింది, రెండోవాడు లేచి నిలబడ్డాడు, మూడోవాడు లేచేసరికి వాడి కుర్చీ వెనక్కి జరిగి అసలు సందే పోయింది. తర్వాత అదే వరుసను 36కు జరిపాం. ఈసారి కూర్చున్నవాళ్లు లేవలేదు, మోకాళ్లు కొంచెం పక్కకు తిప్పారు, ఆయన పళ్లెంతో పాటు పక్కగా వెళ్లిపోయాడు. చివరకు చేరాక పళ్లెం కింద పెట్టి, "సరే, మూడు ఫీట్లు పెట్టు" అన్నాడు.

43 అడుగుల్లో మూడేసి అడుగుల చొప్పున 14 వరుసలు, ఒక అడుగు మిగులు. అడ్డ దారికి ముందు ఏడు, వెనక ఏడు. ఆ మిగిలిన అడుగును స్టేజి వైపు కలిపేశాను.

వెడల్పు సంగతి ఇంకా తేలిక. రెండు గోడల వెంట ఏసీలు, పిల్లర్లు కలిపి రెండేసి అడుగులు తినేస్తున్నాయి. వాటి పక్కన నాలుగేసి అడుగుల దారి. మధ్యలో ఆరడుగుల దారి. ఆరు ఎందుకంటే పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొచ్చేటప్పుడు నలుగురు మేనమామలు పక్కపక్కన నడవాలి, రిసెప్షన్‌లో జంట ఎంట్రీ అంతా ఆ దారినే. 60లోంచి ఇవన్నీ తీస్తే 42 అడుగులు, అంటే అటొక బ్లాకు 21 అడుగులు, ఇటొక బ్లాకు 21.

21 అడుగులంటే 252 ఇంచులు. కవర్ తొడిగిన కుషన్ కుర్చీకి 18 ఇంచులు. సరిగ్గా 14 కుర్చీలు. ఇది కలిసొచ్చిన అంకె. రెండు వైపులా దారి ఉన్న వరుసలో 14 కుర్చీలు మించొద్దు, ఒక్కవైపే దారి ఉంటే ఏడు మించొద్దు అనేది కోడ్‌లోని ఇంకో నియమం. దాని వెనకున్న ఆలోచన ఏంటంటే, ఎవరు ఎక్కడ కూర్చున్నా ఏడో కుర్చీకల్లా దారిలో పడాలి. ఆ గొడవ పెళ్లిలో ఒక్కవైపే దారి పెట్టుకుని 18 కుర్చీలు వేశారు. ఏడు ఉండాల్సిన చోట పద్దెనిమిది. పట్టుచీర ఆవిడ పడడానికి వరుసల మధ్య ఇరుకు ఎంత కారణమో ఇది అంతకంటే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. దగ్గర్లో దారి ఉంటే జనం కుర్చీలు ఎత్తరు.

వరుసకు 28, 14 వరుసలు, మొత్తం 392. ముందున్న సోఫా వరుసలో ఒక్కో బ్లాకుకు ముగ్గురు కూర్చునేవి మూడు, అంటే 18 మంది. కలిపితే 410.

"తమ్మీ, గింత పెద్ద హాల్‌ల నాలుగు వందల పదేనా?" అన్నాడు ఓనర్. ఆయన బాధ నాకు అర్థమైంది. రోడ్డుకు అవతలి హాలు దీనికంటే చిన్నది, దాని బోర్డు మీద వెయ్యి అని ఉంది.

అప్పుడు ఆయనకు ఒకటి చెప్పాను. పెళ్లివాళ్లు "ఎన్ని కుర్చీలు పడతాయి?" అని అడుగుతారు గానీ, వాళ్లు తెలుసుకోవాలనుకునేది మా తొమ్మిది వందల మంది చుట్టాలు ఈ హాల్లో సరిపోతారా అని. ఈ రెండూ ఒకటి కాదు. రాత్రి పెళ్లికి తొమ్మిది వందల మందిని పిలిస్తే, నేను చూసిన పెళ్లిళ్లలో ఏ క్షణంలోనూ సగానికి మించి హాల్లో ఉండరు. కొందరు భోజనాల దగ్గర, కొందరు బరాత్‌తో బయట, కొందరు పార్కింగ్‌లో కబుర్లు. ఆఫీసు స్నేహితులు అక్షింతలు వేసి, తిని, పదిన్నరకల్లా మెట్రో అందుకోవాలని బయల్దేరతారు. డైనింగ్ హాలు పక్కనే వేరుగా ఉంది కాబట్టి ఈ హాల్లో తొమ్మిది వందల మంది పెళ్లి చేయొచ్చు. తొమ్మిది వందల కుర్చీలు మాత్రం వేయలేం. మేనేజర్ ఈ రెండు వాక్యాలూ కలిపి చెప్పగలిగితే బుకింగ్ పోదు. పొద్దున పూట ముహూర్తం అయితే కథ వేరు. అందరూ ఒకే గంటలో వచ్చి, ముహూర్తం అయ్యేదాకా కూర్చుంటారు. అలాంటి పెళ్లికి ఐదు వందలు దాటి పిలిస్తే ఈ హాలు వద్దనే చెప్పమన్నాను. చెప్పాడో లేదో మరి.

రిసెప్షన్‌కు 410 కూడా రాదు. ముహూర్తం టైములో జనం కూర్చుని స్టేజి వైపు చూస్తారు. రిసెప్షన్‌లో జనమే స్టేజి మీదికి వెళతారు. ఎడమవైపు మెట్ల దగ్గర లైను మొదలై గోడ వెంట వెనక్కి పెరుగుతుంది. ఒక్కో కుటుంబం ఎక్కి, గిఫ్ట్ ఇచ్చి, ఫొటో దిగి, దిగడానికి నలభై సెకన్లు పడుతుందనుకుంటే గంటకు 90 కుటుంబాలు. ఎనిమిదిన్నరకు అందరూ ఒక్కసారి వస్తే లైను కదలదు. నాలుగడుగుల దారిలో లైను నిలబడితే, అదే దారిలో డైనింగ్‌కు వెళ్లేవాళ్లు ఇరుక్కుంటారు. అందుకని రిసెప్షన్ ప్లాన్‌లో ఎడమ బ్లాకులో వరుసకు రెండు కుర్చీలు తీసేసి ఆ దారిని ఏడడుగులు చేశాను. 14 వరుసల్లో 28 కుర్చీలు పోయి 382 మిగిలాయి. స్టేజి దిగేవాళ్లను కుడివైపు మెట్ల మీదుగా నేరుగా డైనింగ్ తలుపుకు పంపాలి. దిగినవాళ్లు మళ్లీ ఎడమకు వచ్చి లైనుకు ఎదురు నడిస్తే ఎన్ని అడుగులు వదిలినా చాలదు.

వీడియోవాళ్లు క్రేన్ తెస్తామంటే ఇంకో 16 కుర్చీలు తీసేయాలి. ఆ స్టాండు, వెనక బరువులు, ఆపరేటర్ తిరగడానికి చోటు కలిపి మధ్య దారి పక్కన నాలుగు వరుసల్లో నాలుగేసి కుర్చీల స్థలం పడుతుంది. ఇది ముందే చెప్పకపోతే వాళ్లు దాన్ని మధ్య దారిలోనే పెట్టేస్తారు. ప్రతిసారీ.

తలుపుల లెక్క చూడకుండా వదిలేస్తే పని సగమే. మెయిన్ తలుపు 8 అడుగులు, పక్క తలుపులు రెండు, ఒక్కోటి 7 అడుగులు. నేల సమానంగా ఉన్న చోట మనిషికి 6.5 మిల్లీమీటర్ల తలుపు వెడల్పు అనేది 2016 కోడ్ లెక్క. ఆ ప్రకారం మెయిన్ తలుపు 375 మందికి, పక్క తలుపులు ఒక్కోటి 328 మందికి సరిపోతాయి. మొత్తం 1,031. ఆర్కిటెక్టు రాసిన 836 కంటే ఎక్కువే, కాబట్టి ఆయన తన పని సరిగ్గానే చేశాడు. కానీ నేను వెళ్లిన రోజు ఎడమవైపు తలుపు నాకు కనిపించనే లేదు. ప్లాన్‌లో ఉంది, గోడకు లేదు. చూస్తే, పాత ఫంక్షన్ డెకరేషన్ గుడ్డ దాని మీద అడ్డంగా కట్టి ఉంది, వెనక ప్లాస్టిక్ పూల అట్టపెట్టెలు. ఆ ఒక్క తలుపు పోతే మిగిలేది 703. కూర్చున్న 410 మందికి అది సరిపోతుంది, నిజమే. కానీ ముహూర్తం టైములో నిలబడ్డవాళ్లతో కలిపి ఎంతమంది ఉంటారో ఎవరూ లెక్కపెట్టరు. పైగా అందరూ తాము లోపలికి వచ్చిన తలుపు వైపే పరుగెడతారు. పెట్టెలు ఆరోజే తీయించాను. గుడ్డ విషయంలో డెకరేషన్ వాళ్లతో ఓనర్ మాట్లాడతానన్నాడు.

ప్లాన్ ఎంత బాగా గీసినా, తెల్లవారుజామున కుర్చీలు వేసేది టెంట్ హౌస్ కుర్రాళ్లు. వాళ్ల దగ్గర టేపు ఉండదు, కంటితో వేస్తారు. పదో వరుసకు వచ్చేసరికి మూడడుగులు రెండున్నర అవుతుంది. దీనికి మందు ఆ హాలు నేలలోనే దొరికింది. వేసినవి 600 మిల్లీమీటర్ల టైల్స్. ఒకటిన్నర టైల్ అంటే 900 మిల్లీమీటర్లు, మనకు కావాల్సిన మూడడుగులకు అర ఇంచు మాత్రమే తక్కువ, కోడ్ అడిగిన 850 కంటే ఎక్కువ. అంటే ప్రతి మూడు టైల్స్‌కు రెండు వరుసలు. ఒక వరుస వెనక కాళ్లు టైల్ గీత మీద, తర్వాతి వరుసవి టైల్ మధ్యలో, ఆ తర్వాతిది మళ్లీ గీత మీద. పక్క దారులు, అడ్డ దారి రెండు టైల్స్, అంటే సరిగ్గా 1.2 మీటర్లు. మధ్య దారి మూడు టైల్స్. కుర్రాళ్ల మేస్త్రీకి ఇది ఒక్కసారి చూపిస్తే చాలు. "గీత, నడుమ, గీత, నడుమ" అని అరుచుకుంటూ ఇరవై నిమిషాల్లో ఒక బ్లాకు వేసేశారు. బ్లాకు మూలలు పడే టైల్స్ మీద మాత్రం చిన్న పసుపు చుక్కలు పెట్టించాను. కుర్చీలు జరగకుండా నాలుగేసి కుర్చీల కాళ్లు కలిపి ట్యాగులతో కట్టమన్నాను. విడి కుర్చీ అయితే ఎవరో ఒకరు దాన్ని దారిలోకి లాక్కుని తన వాళ్ల పక్కన కూర్చుంటారు, అక్కడి నుంచి దారి మూసుకుపోవడం మొదలవుతుంది.

ముహూర్తం ప్లాన్ ఒకటి, రిసెప్షన్ ప్లాన్ ఒకటి, రెండూ లామినేషన్ చేయించి మేనేజర్ గదిలో తగిలించాం. బ్రోషర్ మార్చారు. ఇప్పుడు అందులో "410 కుర్చీలు, పక్కనే వేరుగా భోజనాల హాలు" అని ఉంది. బోర్డు మీద 900 మాత్రం ఇంకా అలాగే ఉంది, పెయింటర్ దొరకలేదట.

కార్తీకంలో మళ్లీ ఫోన్ వచ్చింది. ఒకే రోజు ఊరంతా పెళ్లిళ్లు, కుషన్ కుర్చీలు ఎక్కడా దొరకట్లేదు, టెంట్ హౌస్ వాళ్లు చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు పంపుతామంటున్నారు, ఎన్ని పడతాయని. వెడల్పు కొలిచి చెప్పమన్నాను. అటు టేపు చప్పుడు వినిపించింది. "ఇరవై మూడు ఇంచులు" అన్నాడు. 252లో పది పడితే 230. పదకొండుకు 253 కావాలి.

"పది, అన్నా. వరుసకు ఇరవై."

"పదకొండు పడ్తయ్ తమ్మీ. ఒక్క ఇంచే గదా తక్కువ."

"కవర్ తొడిగితే ఒక్కోదానికి ఇంకో అర ఇంచు పెరుగుతది. పదకొండింటికి కలిపి ఐదున్నర. రెండు పక్కలా దారి తింటది. పద్నాలుగు వరుసలకు 280, సోఫాలతో 298."

కాసేపు ఏం మాట్లాడలేదు. వెనక ఎవరో కుర్చీలు దింపుతున్న చప్పుడు.

"అంటే మూడు వందలని చెప్పొచ్చా?"